బల్క్ డీల్, బ్లాక్ డీల్ వెల్లడింపులు

భారత స్టాక్ మార్కెట్లలో ఏ రోజు ఎవరు ఎన్ని షేర్లు కొన్నారో, అమ్మారో మామూలుగా బయటికి తెలియదు. తెరమీద ధర, పరిమాణం కనిపిస్తాయి కానీ పేర్లు కనిపించవు. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. అవే బల్క్ డీల్, బ్లాక్ డీల్ జాబితాలు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ), బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్ (బీఎస్‌ఈ) ప్రతి ట్రేడింగ్ రోజూ మార్కెట్ ముగిశాక వీటిని ఖాతాదారుల పేర్లతో సహా ప్రకటిస్తాయి. మర్నాడు పత్రికల్లో ‘ఫలానా ఫండ్ ఫలానా కంపెనీలో వాటా కొంది’ అని వచ్చే వార్తల్లో చాలావాటికి మూలం ఇవే.

ఈ జాబితాలు చెప్పేది చాలా ఇరుకైన విషయం. ఒక ఖాతా, ఒక రోజు, ఒక ఎక్స్ఛేంజీలో, ఒక వైపు చేసిన వ్యాపారం ఎంతో చెబుతాయి. ఆ ఖాతా వెనుక అసలు యజమాని ఎవరో, సాయంత్రానికి అతని చేతిలో ఎన్ని షేర్లు మిగిలాయో, ఎందుకు కొన్నాడో అందులో ఉండదు. జాబితాను తప్పుగా చదివే సందర్భాలు ఎక్కువగా ఈ తేడా దగ్గరే పుడతాయి.

రెండు జాబితాలు, రెండు నిబంధనలు

బల్క్ డీల్ నిబంధనను సెబీ 2004 జనవరి 14 నాటి సర్క్యులర్‌తో తెచ్చింది. ఒక కంపెనీ లిస్టయిన మొత్తం షేర్లలో 0.5 శాతానికి మించి ఒకే క్లయింట్ ఒకే రోజు కొన్నా, అమ్మినా దాన్ని బల్క్ డీల్‌గా లెక్కిస్తారు. అంతా ఒకే ఆర్డర్‌లో జరగనక్కర్లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చిన్నచిన్న ముక్కలుగా కొన్నవన్నీ కలిపి ఆ గీత దాటితే చాలు. ఈ వ్యాపారం మామూలు మార్కెట్లోనే, అందరి ఆర్డర్లతో పాటే జరుగుతుంది.

బ్లాక్ డీల్ దీనికి భిన్నం. ముందే మాట్లాడుకున్న కొనుగోలుదారు, అమ్మకందారు మామూలు మార్కెట్ ధరను కుదిపేయకుండా పెద్ద మొత్తం మార్చుకోవడానికి ఎక్స్ఛేంజీ విడిగా ఇచ్చే ట్రేడింగ్ విండోలో ఇది జరుగుతుంది. ఈ ఏర్పాటుకు సెబీ 2005 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది. అప్పట్లో కనీస పరిమాణం 5 లక్షల షేర్లు లేదా రూ. 5 కోట్లు. 2018 జనవరి నుంచి రోజుకు రెండు విండోలు వచ్చాయి. మొదటిది ఉదయం 8.45 నుంచి 9.00 వరకు, రెండోది మధ్యాహ్నం 2.05 నుంచి 2.20 వరకు. ఉదయం విండోకు ముందు రోజు ముగింపు ధర ప్రాతిపదిక. మధ్యాహ్నం విండోకు 1.45, 2.00 గంటల మధ్య జరిగిన ట్రేడ్ల సగటు ధర ప్రాతిపదిక. ఈ సగటును ఆయా పరిమాణాలను బట్టి కడతారు. కనీస విలువను రూ. 10 కోట్లుగా, ధరలో అనుమతించే తేడాను ప్రాతిపదికకు అటూ ఇటూ 1 శాతంగా నిర్ణయించారు. 2025 అక్టోబరు 8న జారీ చేసిన సర్క్యులర్‌తో సెబీ కనీస విలువను రూ. 25 కోట్లకు, తేడాను 3 శాతానికి పెంచింది. బ్లాక్ విండోలో కొన్నవాటికి డెలివరీ తప్పనిసరి. అదే రోజు తిరగ్గొట్టి లెక్క సరిచేసుకునే వీలు లేదు.

ఈ చివరి నియమం చదివేవారికి చాలా పనికొస్తుంది. బ్లాక్ జాబితాలో కొనుగోలు కనిపిస్తే షేర్లు నిజంగా చేతులు మారాయని అర్థం. బల్క్ జాబితాకు ఆ భరోసా లేదు. అక్కడ కొన్నవాడే అదే రోజు మొత్తం అమ్మేసి ఉండవచ్చు.

గీత ఎక్కడ పడుతుంది

బల్క్ డీల్‌కు కొలమానం రూపాయలు కాదు, కంపెనీ షేర్లలో శాతం. అందుకే ఒకే జాబితాలో పొంతన లేని పరిమాణాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఐటీసీకి 2024లో దాదాపు 1,248 కోట్ల షేర్లు ఉన్నాయి. అందులో 0.5 శాతమంటే 6.24 కోట్ల షేర్లు. షేరు రూ. 400 చొప్పున అది సుమారు రూ. 2,500 కోట్లు. మామూలు మార్కెట్లో ఎవరైనా ఒక రోజులో రూ. 2,000 కోట్లకు ఐటీసీ షేర్లు కొన్నా బల్క్ జాబితాలో వారి పేరు రాదు. అదే కోటి షేర్లున్న, షేరు రూ. 20 పలికే చిన్న కంపెనీలో 50 వేల షేర్లు దాటితే చాలు. అంటే రూ. 10 లక్షల వ్యాపారానికే పేరు బయటికొస్తుంది.

దీనివల్ల బల్క్ జాబితా నిండా చిన్న, మధ్యతరహా కంపెనీలే ఉంటాయి. పేరు జాబితాకెక్కినంత మాత్రాన అది పెద్ద డబ్బు అనుకోకూడదు. పరిమాణాన్ని ధరతో గుణించి రూపాయల్లోకి మార్చి, ఆ రోజు మొత్తం ట్రేడింగ్‌లో అది ఎంత భాగమో చూడటం మొదటి పని.

కనిపించనివి కూడా ఈ గీత వల్లే కనిపించవు. ఒక మదుపరి రోజుకు 0.4 శాతం చొప్పున అయిదు రోజులు కొంటే 2 శాతం పోగవుతుంది, అయినా జాబితాలో ఒక్క వరుస కూడా ఉండదు. ఒకే సంస్థ నడిపే నాలుగు ఫండ్లు తలా కొంత కొంటే ప్రతి ఖాతా లెక్క వేరే. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ ఎవరి జాబితా వారు ఇస్తాయి కాబట్టి రెండింటినీ చూడాలి. జాబితాలో పేరు లేదు కనుక పెద్దవాళ్లెవరూ కొనలేదని చెప్పడానికి ఆధారం లేదు.

వరుసను చదవడం

ఎన్‌ఎస్‌ఈ బల్క్ జాబితాలో ప్రతి వరుసకూ ఈ గడులు ఉంటాయి: `Date`, `Symbol`, `Security Name`, `Client Name`, `Buy / Sell`, `Quantity Traded`, `Trade Price / Wght. Avg. Price`. కొనుగోలు ఒక వరుస, అమ్మకం ఇంకో వరుస. ఎవరి షేర్లు ఎవరికి వెళ్లాయో కలిపి చూపించే గడి ఏదీ లేదు. ధర కూడా చాలాసార్లు రోజంతా చేసిన ట్రేడ్ల సగటే. ఆ ధరకు ఒక్క షేరు కూడా ట్రేడ్ కాకుండా ఉండే అవకాశముంది.

ఊహాత్మకమైన ఒక కంపెనీని తీసుకుందాం. దానికి 4 కోట్ల షేర్లున్నాయి. గీత 2 లక్షల షేర్ల దగ్గర పడుతుంది. ఒక రోజు ఏదో వార్త వచ్చి షేరు పరుగెత్తింది, 60 లక్షల షేర్లు చేతులు మారాయి. సాయంత్రం జాబితాలో ఒక ట్రేడింగ్ సంస్థ పేరు కనిపించింది: రూ. 182.40 సగటున 3,10,000 షేర్ల కొనుగోలు. గుణిస్తే రూ. 5.65 కోట్లు. ‘సంస్థాగత మదుపరి వాటా కొన్నాడు’ అనే వార్తకు ఇది చాలు. కానీ రెండు వరుసల కింద అదే పేరు మళ్లీ ఉంది: రూ. 182.65 సగటున 3,08,500 షేర్ల అమ్మకం. రెండూ తీసివేస్తే మిగిలింది 1,500 షేర్లు, అంటే సుమారు రూ. 2.7 లక్షల విలువ. ఆ సంస్థ కంపెనీ భవిష్యత్తు మీద ఏ అభిప్రాయమూ వెలిబుచ్చలేదు. షేరుకు 25 పైసల తేడా మీద రోజంతా కొని అమ్మి, ఖర్చులు పోకముందు రూ. 77 వేలు సంపాదించింది.

ఇది అరుదైన సంగతి కాదు. కంప్యూటర్ ప్రోగ్రాములతో సెకనులో కొనిఅమ్మే సంస్థలు, ఉదాహరణకు గ్రావిటన్ రీసెర్చ్ క్యాపిటల్ వంటివి, ఏదైనా చిన్న షేరులో ట్రేడింగ్ ఉప్పొంగిన రోజున కొనుగోలు, అమ్మకం రెండు వైపులా జాబితాలో కనిపిస్తుంటాయి. కాబట్టి ముందు ఒకే పేరున్న వరుసలన్నీ ఒకచోట చేర్చి, కొనుగోలు నుంచి అమ్మకం తీసేసి, నికరం చూడాలి. నికరం సున్నాకు దగ్గరైతే ఆ పేరును పక్కన పెట్టేయవచ్చు. అమ్మకం 2 లక్షల గీతకు కాస్త కింద ఆగిపోతే ఆ వరుస జాబితాలోకే రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పై సంస్థ 1,95,000 షేర్లే అమ్మి ఉంటే కొనుగోలు ఒక్కటే కనిపించి, నికరం ఉన్నదానికంటే ఎంతో పెద్దదిగా తోచేది.

పేరు వెనుక ఎవరు

జాబితాలోని పేరు ట్రేడింగ్ ఖాతా ఎవరి పేర ఉందో చెబుతుంది. డబ్బు ఎవరిదో ఎప్పుడూ చెప్పదు. పేరు చివర `ODI` అని ఉంటే అది విదేశీ బ్యాంకు లేదా బ్రోకరేజీ తన ఖాతాదారుల కోసం పట్టుకున్న షేర్లని గుర్తు. మార్కెట్లో పీ-నోట్లని పిలిచేవి ఈ కోవలోవే. అసలు మదుపరి వేరే దేశంలో మరెవరో కావచ్చు. ఆ వరుసను చూసి ‘మోర్గాన్ స్టాన్లీ ఈ కంపెనీని నమ్మింది’ అనడం పొరపాటు. బ్యాంకు తన క్లయింట్‌కు ఆ షేరులో లాభనష్టాలు అందించే ఒప్పందం రాసిచ్చి, దానికి దీటుగా షేర్లు కొనిపెట్టుకుంది, అంతే.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సేవలది. అక్కడ షేర్లు ఒక్కో ఖాతాదారు సొంత పేరు మీద ఉంటాయి. ఒకే మేనేజర్ వందమందికి కలిపి 3 శాతం కొన్నా, ఒక్కొక్కరి వాటా గీత కింద ఉంటే ఆ నిర్ణయం చేసిన మేనేజర్ పేరు ఎక్కడా కనిపించదు.

ప్రముఖ మదుపరుల పేర్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జాబితాలో పాన్ నంబరు ఉండదు. అదే పేరున్న మరొకరు కావచ్చు, కుటుంబంలో ఇంకొకరి ఖాతా కావచ్చు. ఒక ప్రమోటర్ కుటుంబంలో భర్త ఖాతా నుంచి కుటుంబ ట్రస్టుకు షేర్లు మారితే కూడా ఒక వైపు పెద్ద అమ్మకం, మరో వైపు పెద్ద కొనుగోలు కనిపిస్తాయి. రెండు వరుసల్లో పరిమాణం, ధర అచ్చంగా ఒకటే అయితే ఇలాంటి బదిలీని అనుమానించవచ్చు. నిర్ధారించుకోవడానికి మాత్రం కంపెనీ దాఖలు చేసిన ప్రకటన చూడాలి.

ఒక నిజ ఉదాహరణ: ఐటీసీ, 2024, 2025

2024 మార్చి 13న ఐటీసీలో 43.69 కోట్ల షేర్లు రూ. 400.25 ధరకు చేతులు మారాయి. విలువ రూ. 17,485 కోట్లు, కంపెనీ షేర్లలో 3.5 శాతం. అమ్మకందారు పేరు టొబాకో మాన్యుఫాక్చరర్స్ (ఇండియా) లిమిటెడ్. పేరులో ఇండియా ఉన్నా ఇది బ్రిటిష్ అమెరికన్ టొబాకో (బీఏటీ) సొంత అనుబంధ సంస్థ. ఐటీసీకి ప్రమోటర్ అంటూ ఎవరూ లేరు కాబట్టి బీఏటీ వాటా కూడా పబ్లిక్ వాటాదారుల వర్గంలోనే కనిపిస్తుంది. ఈ పేరుకూ బీఏటీకీ ఉన్న సంబంధం ముందే తెలియనివారికి ఆ వరుసలోంచి ఏమీ అంతుపట్టదు.

‘శతాబ్దం నాటి వాటాదారు అమ్ముకుంటున్నాడంటే కంపెనీలో ఏదో లోపం ఉండి ఉంటుంది’ అన్నది తేలిగ్గా వచ్చే అర్థం. ఆ రోజు జరిగింది వేరు. సెన్సెక్స్ 906 పాయింట్లు పడిపోయిన రోజున ఐటీసీ షేరు 4 శాతానికి పైగా పెరిగింది. ఐటీసీలో కొంత వాటాను డబ్బు చేసుకోవాలనుకుంటున్నట్లు బీఏటీ ఫిబ్రవరిలోనే చెప్పింది. ఎప్పుడు, ఎంత సరుకు మార్కెట్ మీద పడుతుందోనన్న బెరుకుతో షేరు అప్పటికే తగ్గి ఉంది. ఎంత అమ్మారో, ఏ ధరకు అమ్మారో తేలిపోయేసరికి ఆ బెరుకు వదిలింది. అమ్మకానికి కారణం కూడా ఐటీసీ వ్యాపారంలో లేదు. ఆ డబ్బుతో బీఏటీ తన సొంత షేర్లను 1.6 బిలియన్ పౌండ్ల మేర తిరిగి కొనేందుకు సిద్ధమైంది. ఈ సంగతి తెలిసింది డీల్ జాబితా నుంచి కాదు, బీఏటీ లండన్‌లో విడుదల చేసిన ప్రకటన నుంచి.

ఈ అమ్మకంతో బీఏటీ వాటా 29 శాతం నుంచి 25.5 శాతానికి దిగింది. కంపెనీల చట్టం ప్రకారం ప్రత్యేక తీర్మానానికి 75 శాతం ఓట్లు కావాలి కాబట్టి 25 శాతానికి మించిన వాటా ఉన్నవారు దాన్ని అడ్డుకోగలరు. 25 శాతం దగ్గర బీఏటీ ఆగుతుందని చాలామంది లెక్కవేయడానికి ఇదే మూలం. 2025 మే 28న అదే సంస్థ మరో 2.5 శాతం, అంటే సుమారు 31.3 కోట్ల షేర్లను రూ. 413 చొప్పున రూ. 12,927 కోట్లకు అమ్మింది. వాటా 23 శాతం దరిదాపులకు వచ్చింది. మొదటి అమ్మకంలోంచి ఉద్దేశాన్ని ఊహించిన లెక్క రెండో అమ్మకంతో చెదిరిపోయింది.

ఈసారి షేరు దాదాపు 3 శాతం పడింది. అదే అమ్మకందారు, అదే కంపెనీ, ఫలితం మాత్రం తలకిందులు. ఇక్కడ కూడా తొందరపడితే దారి తప్పుతాం. ముందు రోజు ముగింపు ధర సుమారు రూ. 434. అదే మే 28 ఐటీసీ తుది డివిడెండ్ రూ. 7.85కు రికార్డు తేదీ. ఆ రోజు నుంచి కొనేవారికి ఆ డివిడెండ్ రాదు కనుక షేరు ధర ఆ మేరకు, అంటే దాదాపు 1.8 శాతం, తగ్గడం సహజం. పతనంలో సగానికి పైగా ఇక్కడే లెక్క తేలిపోతుంది. మిగిలినదాన్ని మాత్రమే అమ్మకానికి ఆపాదించే వీలుంది.

ధర నుంచి తెలిసేది మరొకటి ఉంది. 2024 అమ్మకం ముందు రోజు ముగింపుకు సుమారు 1 శాతం తక్కువలో జరిగింది, అప్పటి బ్లాక్ విండో పరిధి అంచున. 2025లో రూ. 413 అంటే ముందు రోజు ముగింపుకు దాదాపు 5 శాతం తక్కువ. అప్పటికి పరిధి ఇంకా 1 శాతమే కాబట్టి రూ. 429 కంటే కింద ఉదయపు బ్లాక్ విండోలో అమ్మే వీలు లేదు. పత్రికలు రెండింటినీ బ్లాక్ డీల్ అనే రాశాయి. వార్తలో ఈ మాట ఏ పెద్ద అమ్మకానికైనా వాడతారు. ఎక్స్ఛేంజీ జాబితాలో దానికి నిర్దిష్టమైన అర్థం ఉంది. వార్త చదివి బ్లాక్ జాబితాలో వెతికి దొరక్కపోతే బల్క్ జాబితా కూడా చూడాల్సి ఉంటుంది.

తక్కువ ధరకు ఎందుకు అమ్మారన్న ప్రశ్న కూడా తరచూ వస్తుంది. కోట్ల షేర్లు ఒక్క పూటలో కొనేవారిని రప్పించాలంటే రాయితీ ఇవ్వక తప్పదు. ఆ రాయితీ పరిమాణానికి, తొందరకు చెల్లించే మూల్యం. కంపెనీ అసలు విలువ మీద అమ్మకందారు ఇచ్చిన తీర్పుగా దాన్ని చూడలేం.

అమ్మకాలకు కారణాలు

పెద్ద అమ్మకాల్లో చాలావాటికి తేదీ ముందే రాసి ఉంటుంది. ఐపీఓకు ముందు పెట్టుబడి పెట్టిన ప్రమోటరేతర వాటాదారుల షేర్లకు సాధారణంగా ఆరు నెలల లాక్-ఇన్ ఉంటుంది. యాంకర్ మదుపరుల షేర్లలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు. కొత్తగా లిస్టయిన కంపెనీలో ఈ తేదీలు దాటగానే ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ల పేర్లు అమ్మకం వైపు కనిపించడం మామూలే. ఆ ఫండ్లకు నిర్ణీత కాలపరిమితి ఉంటుంది. కంపెనీ బాగున్నా బాగోకున్నా గడువులోగా తమ మదుపరులకు డబ్బు తిరిగి ఇవ్వాలి. అందుకే అమ్మకం చూడగానే ముందు అడగాల్సింది ఆ ఖాతా ఎప్పుడు, ఏ ధరకు లోపలికి వచ్చిందన్నది.

మిగతా పత్రాలతో సరిచూడటం

డీల్ జాబితాలో కనిపించిన పేరు మీద ఏదైనా అభిప్రాయం ఏర్పరచుకునే ముందు దాన్ని మూడు చోట్ల సరిచూడవచ్చు. మొదటిది సెబీ టేకోవర్ నిబంధనల కింద వచ్చే ప్రకటన. ఎవరి వాటా అయినా 5 శాతం చేరితే, ఆ తర్వాత 2 శాతం మేర మారితే రెండు పనిదినాల్లో వెల్లడి కావాలి. ఇందులో కలిసి వ్యవహరించేవారందరి వాటా కూడా కలుపుతారు, లావాదేవీకి ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది ఉంటుంది. డీల్ జాబితాలో లేనిది సరిగ్గా ఇదే. ప్రమోటర్లు, డైరెక్టర్లు, కీలక ఉద్యోగుల లావాదేవీలకు ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద వేరే వెల్లడింపు ఉంది. ఒక త్రైమాసికంలో విలువ రూ. 10 లక్షలు దాటితే అది వర్తిస్తుంది.

రెండోది వాటాదారుల పట్టిక. త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా కంపెనీ దీన్ని దాఖలు చేయాలి. 1 శాతం, ఆ పైన వాటా ఉన్న పబ్లిక్ వాటాదారుల పేర్లు ఇందులో విడిగా ఉంటాయి. నెలన్నర కింద బల్క్ జాబితాలో 1.3 శాతం కొన్న పేరు త్రైమాసికాంతపు పట్టికలో లేకపోతే, మధ్యలో కొంతైనా అమ్మేసి ఉండాలి. మూడోది మ్యూచువల్ ఫండ్ల నెలవారీ పోర్ట్‌ఫోలియో. నెల ముగిశాక పది రోజుల్లో ప్రతి పథకంలో ఏ షేర్లు ఎన్ని ఉన్నాయో బయటికొస్తుంది. ఇండెక్స్ ఫండ్ కొనుగోలు అయితే అది సూచీలో మార్పు వల్ల జరిగినదే తప్ప మేనేజర్ ఎంచుకున్నది కాదని కూడా ఇక్కడే తేలుతుంది.

పరిమితులు

చిన్న కంపెనీల్లో ఈ జాబితానే వలగా వాడే అవకాశం ఉంది. 0.5 శాతం గీత దాటడానికి అక్కడ కొన్ని లక్షల రూపాయలు చాలు కాబట్టి, పేరు జాబితాకెక్కించడమే లక్ష్యంగా కొనడం ఖరీదైన పనేమీ కాదు. ఆ పేరు చూసి వెంటపడే చిన్న మదుపరులకు తర్వాత అదే సరుకు అంటగట్టవచ్చు. ఒకే గుంపు పేర్లు కొన్ని రోజుల తేడాలో కొనుగోలు వైపూ అమ్మకం వైపూ మారుతూ రావడం, డెలివరీ శాతం పడిపోతూ పరిమాణం పెరగడం, కంపెనీ నుంచి ఏ ప్రకటనా లేకుండా ధర రోజూ పై సర్క్యూట్ తాకడం దీనికి ఆనవాళ్లు. వీటిలో ఏ ఒక్కటీ దానంతట రుజువు కాదు.

జాబితా వచ్చే వేళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇది మార్కెట్ మూసిన తర్వాత వస్తుంది. మర్నాడు ఉదయం దీన్ని చూసి కొనేవారు, నిన్నటి కొనుగోలుదారు చెల్లించిన ధరకు కాక, ఆ వార్త చూసిన అందరూ కలిసి పెంచిన ధరకు కొంటారు. నిన్నటి కొనుగోలుదారు ఎప్పుడు అమ్మేశాడన్నది వారికి తెలిసే సరికి మాత్రం, అతను మళ్లీ 0.5 శాతం గీత దాటి ఒక్క రోజులో అమ్మకపోతే, త్రైమాసికం గడిచిపోతుంది. కొనుగోలు పేరుతో సహా తెలిసి, అమ్మకం తెలియకుండా పోయే ఈ అసమానత వల్ల బల్క్ డీల్ జాబితా పరిశీలన ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి పనికొస్తుంది కానీ, ఇతరుల పెట్టుబడిని అనుసరించే పద్ధతిగా పనికిరాదు.